అవ్వ చూసింది కరెక్టే, కారణమే వేరే: ఐదు షార్ట్స్ స్క్రిప్టులు

షార్ట్ 1: గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందా?

(అలిపిరి మెట్ల దగ్గర నిలబడి. వెనక గుండ్లతో, తలకి చందనం పూసుకుని దిగి వస్తున్న జనం.)

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి ఈ ప్రశ్న తప్పదు. నేను డాక్టర్ని కాదు, జూనియర్ కాలేజీలో బయాలజీ చెప్పుకునేవాణ్ణి, కాబట్టి మందులూ మాకులూ నా దగ్గర దొరకవు, వెంట్రుక ఎట్లా పెరుగుతుందో మాత్రం చెప్తాను.

మొక్కు సంగతి వేరు, దాని జోలికి నేను పోను. కానీ "రెండుసార్లు గుండు కొట్టించండి, పాపకి జడ బారెడు వస్తుంది" అంటారు చూడండి, అక్కడే చిక్కు. బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు, అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. పెరిగేదంతా చర్మం కింద కుదురులో. కల్యాణకట్టలో కత్తి తిరిగేది చర్మం పైన. పైన ఏం జరిగిందో కింద ఉన్న కుదురుకి తెలియదు. కుదుళ్ల సంఖ్య కూడా బిడ్డ కడుపులో ఉన్నప్పుడే ఖాయమైపోతుంది.

మరి చెయ్యి పెట్టి చూస్తే గరుగ్గా, మందంగా తగులుతుంది కదా? తగులుతుంది. వరి కోసిన మడిలో చెప్పుల్లేకుండా నడిచారా ఎప్పుడైనా? ఆకు కొన మెత్తగా ఉంటుంది, కోసిన కొయ్యకాలు అరికాల్లో గుచ్చుకుంటుంది. అంతమాత్రాన వరి లావెక్కినట్టా? వెంట్రుకదీ అదే కథ, సన్నగా సాగిన కొన పోయి మొద్దు అంచు మిగిలింది. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త గీసిన వెంట్రుకల్ని కొలిచి చూశారు, మందమూ మారలేదు, పెరిగే వేగమూ మారలేదు.

పిల్లల విషయంలో మా అవ్వ చూసిందీ నిజమే. పుట్టు వెంట్రుకలు తీయించాక ఒత్తుగానే వస్తాయి. ఎందుకంటే ఆ వయసులో పలచటి మెత్తటి జుట్టు పోయి ముదురు జుట్టు రావడం మామూలే, గుండు కొట్టించకపోయినా వచ్చేదే. మంచి టైములో కొండెక్కాం కాబట్టి పేరు గుండుకి వచ్చింది, అంతే.

షార్ట్ 2: మెటికలు

(చెయ్యి క్లోజప్‌లో. టప్. టప్.)

"విరవొద్దురా, కీళ్లు అరిగిపోతాయి" అని తిట్టిన అవ్వే, దిష్టి తీశాక తన కణతల మీద పదివేళ్లూ పెట్టి టపటపా విరుస్తుంది. అదేందవ్వా అంటే సమాధానం ఉండదు.

ఆ చప్పుడు ఎముకది కాదు. కీలు మధ్య జిగట ద్రవం ఉంటుంది, వేలు లాగినప్పుడు అందులో గ్యాస్ బుడగ తయారవుతుంది, దాని గొడవే ఈ టప్పు. వెంటనే మళ్లీ విరిస్తే పలకదు, గమనించండి. డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు యాభై ఏళ్లపాటు ఎడమచేతి మెటికలే విరిచి, కుడిచేతిని వదిలేసి, చివరికి రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదని రాశాడు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ 2009లో ఆయనకే ఇచ్చారు. ఒక్క మనిషి చేతులు రుజువు కావు గానీ, ఓపికకి దండం పెట్టాల్సిందే. విరిచినప్పుడు నొప్పీ వాపూ ఉంటే అది వేరే లెక్క, చూపించుకోండి.

షార్ట్ 3: మామిడిపండు వేడి చేస్తుందా?

(గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి లోడుతో ట్రాక్టర్ల వరస. చేతిలో ఒక కాయ.)

చిత్తూరు జిల్లాలో ఉండి ఈ మాట అనాలంటే కొంచెం ధైర్యం కావాలి. మామిడి తింటే ఒళ్లు వేడెక్కదు. నమ్మకపోతే థర్మామీటరు పెట్టుకోండి, తినకముందు ఎంతో తిన్నాకా అంతే, 37 డిగ్రీలకు అటూ ఇటూ. ఆ లెక్క చూసుకునేది మెదడు, పండు కాదు.

"మరి సెగగడ్డలు?" అని మా పిన్నమ్మ గడ్డం చూపించి మరీ అడిగింది. సెగగడ్డ వెంట్రుక కుదురులోకి బ్యాక్టీరియా చేరడం వల్ల లేస్తుంది. ఆ బ్యాక్టీరియా చాలామంది చర్మం మీద ఎప్పుడూ ఉండేదే. ఇప్పుడు క్యాలెండర్ చూడండి: మామిడి వచ్చేది ఎప్పుడు? తిరుపతిలో నలభై డిగ్రీలు దాటి, చొక్కా వీపుకి అతుక్కుపోయే రోజుల్లో. చెమటా, ఒరుపూ, పండూ మూడూ ఒకేసారి దిగుతాయి, నింద మాత్రం తియ్యగా ఉన్నదాని మీద పడుతుంది.

ఇంకోటి ఉంది, ఇది నిజంగా మామిడి చేసేదే. ఇదిగో, తొడిమ విరుస్తున్నా చూడండి, తెల్లగా బొట్టుబొట్టుగా కారుతోందే, సొన. ఇది పెదవులకి తగిలితే కొందరికి మండుతుంది, పొక్కుతుంది, తోటలో కాయలు కోసేవాళ్లని అడగండి, ముంజేతులు చూపిస్తారు. కాబట్టి పండ్లని బకెట్ నీళ్లలో వేసే అలవాటు మానొద్దు. "వేడి దిగుతుంది" అనే మాట సరికాదు గానీ, తొక్కకి అంటిన సొన, దుమ్ము పోవడం మంచిదే.

షార్ట్ 4: "చక్కెర మానేశాను, బెల్లమే వాడుతున్నా"

(గానుగ దగ్గర. పెనంలో పాకం ఉడుకుతోంది, పొగ.)

ఈ మాట చెప్పే మామయ్య ప్రతి ఇంట్లో ఒకాయన ఉంటాడు, కాఫీలో రెండు ముక్కలు వేసుకుని.

మామా, పెనంలో ఉన్నది చెరుకు రసం. చక్కెరా దీన్నించే. బెల్లంలో కూడా ఎక్కువ భాగం సుక్రోజే, అంటే అదే చక్కెర. పాకంలో మిగిలే ఇనుము లాంటివి కొంచెం ఉంటాయి, రుచి వేరు, వాసన వేరు, పొంగలికి బెల్లమే పడాలి, ఇవన్నీ ఒప్పుకుంటా. షుగర్ ఉన్నవాళ్ల రక్తానికి మాత్రం ఈ తేడా పెద్దగా తెలియదు. ఎవరు ఎంత తినాలో మీ రిపోర్టులు చూసే డాక్టరు చెప్పాలి, నేను కాదు.

పసుపుపచ్చగా మెరిసేదే మంచి బెల్లం అనుకోవడం ఇంకో పొరపాటు. రంగు తేలాలని పాకంలో హైడ్రోస్ అనే పొడి కలిపేవాళ్లు ఉన్నారు. నల్లగా ఉన్నంతమాత్రాన మేలురకం అనీ కాదులెండి.

షార్ట్ 5: ఫిట్స్ వస్తే తాళాలు

(బస్టాండు. ఇది నటించి చూపించొద్దు, మామూలుగా కూర్చుని చెప్పాలి.)

పోయిన నెల పీలేరు బస్సు కోసం నిలబడి ఉన్నా. ఒకాయన కిందపడి కొట్టుకుంటున్నాడు. "తాళాలు, తాళాలు!" అని నలుగురు అరిచారు, ఎవరో బండి తాళం లాక్కుని ఆయన గుప్పిట్లో పెట్టారు. నిమిషంలో ఆగింది. చూశావా, ఇనుము పెడితే ఆగింది!

ఆగింది, నిజమే. మెదడులో కరెంటు సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పితే వచ్చేది ఫిట్స్. చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. మనం తాళం వెతికి తెచ్చేసరికి అది ఎటూ ఆగే టైమే అవుతుంది. తాళం బదులు అరటిపండు పెట్టినా ఆగేది.

ఫస్ట్ ఎయిడ్‌లో అందరికీ నేర్పేది ఇది: తలకింద మెత్తగా ఏదైనా పెట్టండి, చుట్టూ ఉన్న రాళ్లూ సామాన్లూ జరపండి, చేతులూ కాళ్లూ అదిమి పట్టుకోవద్దు, నోట్లో స్పూనూ నీళ్లూ ఏవీ పెట్టొద్దు, కొట్టుకోవడం తగ్గాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. టైము చూసుకోండి. ఐదు నిమిషాలు దాటినా, వెంటనే మళ్లీ వచ్చినా, దెబ్బ తగిలినా 108.

ఆయన కాసేపటికి లేచి కూర్చుని, సిగ్గుపడుతూ, తన సంచి ఏదని అడిగాడు. ఇచ్చాం. బండాయన మాత్రం తన తాళం ఎవరి చేతిలోకి పోయిందోనని ప్లాట్‌ఫాం అంతా వెతుక్కుంటూనే ఉన్నాడు, ఈలోపు మా బస్సు వచ్చేసింది.