పూతరేకుల షాపు వెబ్‌సైట్ చెక్‌లిస్ట్: 100కి 46

బాబాయ్, పిన్నీ,

వెబ్‌సైట్ మొత్తం చూశాను. "బాగుందో లేదో చెప్పు చాలు" అన్నారు గానీ అలా ఒక్క ముక్కలో చెబితే ఏది మార్చాలో మీకూ తెలీదు, సైట్ చేసిన అబ్బాయికీ తెలీదు. అందుకే ఒక్కో విషయానికి మార్కులు వేసి, ఎందుకు వేశానో పక్కనే రాశాను. ఈ కాగితం ఆ అబ్బాయికి యథాతథంగా పంపేయండి.

చూసిన పద్ధతి ఇదీ. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద, ఎందుకంటే మీ ఆర్డర్లు దాదాపు అన్నీ ఫోన్ నుంచే వస్తాయి. నేనొక్కణ్ణే చూస్తే మనవాళ్ల షాపే కదా అని చూసీ చూడనట్టు పోతానేమో అని, మీ షాపు గురించి అస్సలు తెలియని ఇద్దరికి ఒకే పని ఇచ్చాను: "అరకిలో బెల్లం పూతరేకులు మీ ఇంటికి ఆర్డర్ పెట్టండి." ఒకరు బెంగళూరులో ఉద్యోగం చేసే నా స్నేహితుడు, ఇంకొకరు కూకట్‌పల్లిలో మా పై ఫ్లాట్ ఆంటీ. మధ్యలో నేను ఒక్క మాట కూడా సాయం చెప్పలేదు, ఎక్కడ ఆగిపోతున్నారో చూశానంతే.

మార్కుల లెక్క: అడిగిన విషయం కళ్లకు ఎదురుగా ఉంటే పూర్తి మార్కులు, వెతికితే దొరికితే ఆ మేరకు తక్కువ, "ఫోన్ చేస్తే చెబుతాం" అని ఉంటే సున్నా. రంగులు, డిజైన్ అందంగా ఉన్నాయా అన్నదానికి విడిగా మార్కుల్లేవు. సరుకు సమాచారానికి అన్నిటికన్నా ఎక్కువగా 30 పెట్టాను. షాపుకి వచ్చినవాళ్లు ఒక రేకు నోట్లో వేసుకుని చూస్తారు, సైట్‌కి వచ్చినవాళ్లకి మీరు రాసిన మాటలూ పెట్టిన ఫోటోలే ఆధారం.

1. ఫోన్‌లో తెరుచుకోవడం, చదవడం: 20కి 10

- హోమ్ పేజీ త్వరగా కనబడుతోందా: 6కి 2
- జూమ్ చేయకుండా చదవగలమా: 5కి 4
- బటన్లు వేలికి సరిగ్గా తగులుతున్నాయా: 5కి 3
- లోడ్ అయ్యేటప్పుడు పేజీ కదలకుండా ఉందా: 4కి 1

సైట్ వేగం కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెట్టి చూస్తే పైనున్న పెద్ద ఫోటో కనబడటానికి 7.8 సెకన్లు పట్టింది. గూగుల్ లెక్కలో అది 2.5 సెకన్లలోపు ఉంటేనే బాగున్నట్టు. కారణం ఒక్కటే, కెమెరాలోంచి తీసిన ఫోటోని తీసినట్టే ఎక్కించారు, 4 ఎంబీ పైనే ఉంది. దాన్ని వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి సైజు తగ్గిస్తే 200 కేబీలోపు వస్తుంది, ఫోన్‌లో తేడా కూడా తెలీదు. ఆ ఫోటో ఆలస్యంగా వచ్చి కింద ఉన్నవన్నీ నెట్టేస్తోంది, దాంతో ఆంటీ "బెల్లం" మీద నొక్కబోతే వేలు "డ్రైఫ్రూట్" మీద పడింది. ఫోటోకి వెడల్పు, ఎత్తు కోడ్‌లో ముందే రాసేస్తే ఆ కుదుపు పోతుంది:

```html
<img src="bellam.webp" width="800" height="600"
     alt="బెల్లం పూతరేకులు, 10 రేకుల డబ్బా">
```

ధరలు లేత బంగారు రంగులో, మీగడ రంగు మీద ఉన్నాయి. ఎండలో అస్సలు కనబడవు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది అందరూ పాటించే ప్రమాణం, మనది 2:1 దగ్గర ఉంది. ముదురు గోధుమ రంగు పెట్టేయండి.

2. దారి తెలుస్తోందా: 15కి 8

- ఏం అమ్ముతారో మొదటి స్క్రీన్‌లోనే తెలుస్తోందా: 5కి 2
- మెనూలో పేర్లు అర్థమవుతున్నాయా: 5కి 3
- వెనక్కి రావడం, వెతకడం, పనిచేయని లింకులు: 5కి 3

తెరవగానే "Welcome to the World of Sweetness" అని ఉంది. అది ఏ స్వీటు షాపైనా పెట్టుకోవచ్చు. ఆ స్థానంలో "ఆత్రేయపురం పూతరేకులు, ఇంట్లో చుట్టి రోజూ పార్సిల్ పంపుతాం" అని రాస్తే ఊరు, సరుకు, పని మూడూ తెలిసిపోతాయి. మెనూలో "Premium Collection" తీసేసి "డ్రైఫ్రూట్ పూతరేకులు" అనండి. "మా గురించి" కింద రెండు లింకులు పనిచేయట్లేదు.

3. సరుకు సమాచారం: 30కి 10

- రకం, ధర, బరువు, డబ్బాలో ఎన్ని: 8కి 3
- ఎన్ని రోజులు ఉంటాయి, ఎలా దాచుకోవాలి: 6కి 0
- డెలివరీ ఎప్పుడు, ఎంత ఖర్చు: 8కి 1
- ఫోటోలు: 4కి 4
- తెలుగు, రాత: 4కి 2

అసలు దెబ్బ ఇక్కడే తగులుతోంది, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను.

మా స్నేహితుడు బెల్లం పూతరేకుల పేజీ తెరిచాడు. ఫోటో చూసి "అబ్బ" అన్నాడు, పిన్ని బోర్లించిన కుండ మీద గుడ్డతో పిండి పులిమి రేకు తీస్తున్న ఫోటో అది, పల్చటి రేకు వెనక మంట వెలుతురు కూడా కనబడుతుంది, అందుకే ఫోటోలకి పూర్తి మార్కులు. తర్వాత కిందికి జరిపాడు, పైకి జరిపాడు, మళ్లీ కిందికి. ఏం వెతుకుతున్నావని అడిగితే "బెంగళూరు వచ్చేసరికి పొడి అయిపోతాయేమో, ఎలా ప్యాక్ చేస్తారో ఎక్కడా లేదు" అన్నాడు. డెలివరీ ఛార్జీ చూద్దామంటే పేరు, అడ్రసు, పిన్‌కోడ్ అన్నీ నింపాకే కనబడుతోంది. అక్కడే సైట్ మూసేశాడు.

బాబాయ్, ఈ ప్రశ్నలకి సమాధానాలు మీ దగ్గర లేక కాదు. రోజూ ఫోన్‌లో పదిమందికి చెబుతూనే ఉంటారు. నాతో చెప్పిన మాటలే తీసుకుని ప్రతి సరుకు పేజీలో, ధర కిందే, ఇలా పెట్టండి:

"డబ్బాలో 10 పూతరేకులు. బెల్లంవి వచ్చిన రోజు నుంచి వారం, పంచదారవి పదిహేను రోజులు బాగుంటాయి. గాలి తగలని డబ్బాలో, తడి లేని చోట ఉంచండి, ఫ్రిజ్‌లో పెడితే మెత్తబడతాయి. ఒక్కో రేకు కాగితంలో చుట్టి, గట్టి అట్టపెట్టెలో పంపుతాం. దారిలో విరిగిపోతే ఫోటో పంపండి, మళ్లీ పంపిస్తాం. హైదరాబాద్‌కి 2 రోజులు, బెంగళూరు, చెన్నైలకి 3 రోజులు. అరకిలోకి డెలివరీ 90 రూపాయలు."

ఇంతే. ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, అన్నీ మీరు చెప్పినవే. బరువు విషయంలో మాత్రం ఒక పేజీలో "half kg", ఇంకో పేజీలో "10 pcs", మూడో దాంట్లో ఏమీ లేదు, ఏది చవకో పోల్చుకోవడానికి వీల్లేదు. అన్నిచోట్లా గ్రాములూ రేకుల సంఖ్యా రెండూ రాయండి.

తెలుగు సంగతి. పైన షాపు పేరు, కబుర్లు అంతా తెలుగులో ఉన్నాయని సంతోషపడ్డాను, తీరా నొక్కి చూస్తే అది బొమ్మ. గూగుల్ దాన్ని అక్షరాలుగా సరిగ్గా పట్టుకుంటుందన్న నమ్మకం లేదు, కాపీ చేసి ఎవరికైనా పంపడానికీ కుదరదు. ఇంకో పేజీలో పాత డీటీపీ ఫాంట్‌లో టైప్ చేసిన మేటర్‌ని అలాగే అతికించారు, నా ఫోన్‌లో అది గజిబిజి గుర్తులుగా వచ్చింది. అంతా ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనబడే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయించండి, రెండు పేజీల పనే.

4. ఆర్డర్ పెట్టడం: 20కి 10

- అకౌంట్ తెరవకుండా కొనగలమా: 5కి 0
- ఫారం సులువుగా ఉందా: 5కి 2
- డబ్బు కట్టడం: 6కి 5
- కట్టాక సమాచారం వస్తోందా: 4కి 3

ఆంటీ ఓపికమంతురాలు కాబట్టి ఇక్కడిదాకా వచ్చారు. "Login to continue" అని వచ్చేసరికి "స్వీట్లు కొనడానికి పాస్‌వర్డ్ ఎందుకమ్మా" అన్నారు. నిజమే కదా. ఫోన్ నంబరు, అడ్రసు ఉంటే పార్సిల్ వెళ్లిపోతుంది. లాగిన్ తీసేయమనండి, కావాలన్నవాళ్లకి చివర్లో అడగొచ్చు. ఫారంలో పుట్టినరోజు, ల్యాండ్‌లైన్, కంపెనీ పేరు కూడా అడుగుతున్నారు, ఆ మూడూ అనవసరం. పిన్‌కోడ్ తప్పు కొడితే ఎర్రగా "Invalid input" అని వస్తోంది తప్ప ఏది తప్పో చెప్పట్లేదు. "పిన్‌కోడ్ 6 అంకెలు ఉండాలి" అని రాయాలి.

యూపీఐ చక్కగా పనిచేసింది, ఆర్డర్ అందిందని మెసేజ్ కూడా వెంటనే వచ్చింది. పార్సిల్ ఎప్పుడు బయలుదేరుతుందో అందులో లేదు, అందుకే ఒక మార్కు తగ్గింది.

5. నమ్మకం: 15కి 8

- చిరునామా, ఫోన్: 4కి 4
- లైసెన్స్, ఎంఆర్‌పీ వివరాలు: 4కి 1
- రిటర్న్, ఫిర్యాదు: 4కి 0
- సురక్షిత లింకు, కొన్నవాళ్ల అభిప్రాయాలు: 3కి 3

డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్స్ నంబరు ముద్రించారు, సైట్‌లో మాత్రం లేదు. పెట్టండి. ఆన్‌లైన్‌లో అమ్మే ప్యాకెట్ సరుకుకి ఎంఆర్‌పీ, నికర బరువు, తయారీదారు పేరు, చిరునామా లాంటి వివరాలు స్క్రీన్ మీద కూడా కనబడాలి. అలాగే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం రిటర్న్, రీఫండ్ పద్ధతి, ఫిర్యాదులు చూసేవాళ్ల పేరు, ఫోన్ నంబరు సైట్‌లో ఉండాలి, ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి. ఆ పేరు పిన్నిదే పెట్టేయండి, ఫోన్లన్నీ ఎత్తేది ఎలాగూ తనే.

ఇంకోటి జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ మాట రాసుకోవచ్చు, గర్వంగా రాయండి కూడా. కానీ "GI Certified" అని ముద్రలా వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా మీ పేరు నమోదై ఉండాలి. అయి ఉంటే ఆ వివరం రాయండి, లేకపోతే నమోదయ్యేవరకు ఆ ముద్ర తీసేయండి.

ముందు ఏం చేయాలి

సైట్ మొత్తం కొత్తగా చేయిద్దామని బాబాయ్ అన్నారు, వద్దు. ఆ డబ్బు ఇప్పుడు దండగ. దసరా ఆర్డర్లు మొదలయ్యేలోగా ఈ ఆరూ అయితే చాలు:

- నిల్వ గురించి రాయడం (+6), పిన్ని
- ప్యాకింగ్, డెలివరీ రోజులు, ఛార్జీ సరుకు పేజీలోనే పెట్టడం (+6), బాబాయ్
- లాగిన్ తీసేయడం (+5), సైట్ అబ్బాయి
- ఫోటోల సైజు తగ్గించడం (+3), సైట్ అబ్బాయి
- లైసెన్స్ నంబరు, ఎంఆర్‌పీ వివరాలు (+3), బాబాయ్
- రిటర్న్, ఫిర్యాదు పేజీ (+3), మీరు చెబితే నేను రాసిస్తాను

అన్నీ కలిపి 26, అంటే 46 కాస్తా 72 అవుతుంది. ఇందులో సగానికి పైగా మార్కులకి కోడ్ ముట్టుకోవాల్సిన పనే లేదు, రాయడమే. అయ్యాక ఒక మెసేజ్ పెట్టండి, ఇదే చెక్‌లిస్ట్‌తో మళ్లీ చూస్తాను, ఈసారి సైట్ ఇంతవరకు చూడని వేరే ఇద్దరితో చేయిస్తాను.