టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ మెయిల్స్: చివరికి ఏం తేలిందంటే

అందరికీ నమస్కారం,

సెక్రటరీ గారు మొన్న గ్రూపులో పెట్టిన 41 పేజీల పీడీఎఫ్ మొత్తం చదివాను. అందులో నిజంగా ఉన్నవి 17 మెయిల్స్, మిగతా పేజీలన్నీ ప్రతి రిప్లై కింద పాతవి మళ్లీ మళ్లీ అతుక్కున్నవే. పైగా కొత్తది పైన, పాతది అట్టడుగున ఉంది కాబట్టి కింది నుంచి పైకి చదవాలి. మామూలుగా చదివితే నలభై వేలు అని ఫిక్స్ అయిపోతారు, సగం మంది అయ్యారు కూడా.

ముందు డబ్బుల సంగతి. మొదటి కొటేషన్ 4,80,000, అంటే ఒక్కో ఫ్లాట్‌కి 40,000. ఈ అంకె పీడీఎఫ్‌లో ప్రతి రెండు పేజీలకోసారి కనిపిస్తుంది, అంతమాత్రాన అది ఒప్పుకున్న రేటు కాదు. మార్చి 11 రాత్రి సెక్రటరీ గారు సవరించిన కొటేషన్ పంపారు: 4,20,000, మన 12 ఫ్లాట్లకి తలా 35,000. తొమ్మిది ఫ్లాట్ల వాళ్లు ఓకే అన్నది దీనికే. 101, 104 వారు అసలు జవాబివ్వలేదు, 302 వారి సంగతి కింద రాశాను.

ఆ రాత్రి కొటేషన్ రెండుసార్లు వచ్చిందని, మధ్యాహ్నం ఒక రేటు రాత్రి ఇంకో రేటు చెప్పారని 103 సర్ అడిగారు. రెండు కాదండీ, ఒక్కటే. సెక్రటరీ గారు పంపింది మంగళవారం రాత్రి 11 గంటలకి. 303 వాళ్ల అబ్బాయి డల్లాస్ నుంచి రిప్లై ఇచ్చాడు, అతని రిప్లై కింద అదే మెయిల్ అక్కడి టైముతో మధ్యాహ్నం 12:30 అని పడింది. లోపలి మాటలు అక్షరం మార్పు లేకుండా ఒకటే, పోల్చి చూశాను.

ఇక పని. పాత సుర్కీ పొర ఎక్కడ బోలుగా మోగుతోందో అక్కడే కొట్టి తీస్తారు, మొత్తం కాదు. పైన కోటింగ్ వేస్తారు, తారు షీట్ వద్దు. ఈ తారు షీట్ నిర్ణయం మీకు పీడీఎఫ్‌లో కనపడదు, వెతక్కండి. 203 మేడమ్ పాత మెయిల్‌కి విడిగా రిప్లై ఇచ్చారు, మిగతా వాళ్లు అక్కడే ఒప్పుకున్నారు, ఆ కొమ్మ చివరి మెయిల్‌లోకి రాలేదు. నా ఇన్‌బాక్స్‌లోంచి తీసి దీనికి జత చేశాను. ట్యాంకు కింద స్తంభాల్లో బయటపడ్డ ఇనుప చువ్వలకి తుప్పు గోకి, తుప్పు పట్టకుండా మందు పూసి, పాలిమర్ సిమెంటుతో మూయడం కూడా ఈ 4,20,000 లోనే ఉంది. లాసన్స్ బే గాలికి ఇది వదిలేస్తే చువ్వ ఉబ్బి కాంక్రీట్ పెచ్చులు రాలిపోతాయి, కాబట్టి బేరంలో దీన్ని తీసేయమని ఎవరూ అడగొద్దు.

పని అయ్యాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలన్నది కాంట్రాక్టర్ ఒప్పుకున్న మాటే. సెక్రటరీ గారు అడిగిన ప్రశ్నల మధ్యలోనే ఆయన ఎర్ర రంగులో జవాబులు రాశాడు, నలుపు తెలుపు పీడీఎఫ్‌లో రంగు పోయి ఎవరు అడిగారో ఎవరు చెప్పారో కలిసిపోయింది. ఒరిజినల్ చూసి నిర్ధారించుకున్నాను. అయిదేళ్ల గ్యారంటీ కాగితం మీద రాసిస్తానన్నది కూడా ఆ ఎర్ర జవాబుల్లోనే ఉంది.

చెల్లింపు: అడ్వాన్స్ 1,68,000, కోటింగ్ అయ్యాక మళ్లీ అంతే, మిగిలిన 84,000 నీళ్ల పరీక్షలో కారలేదని తేలాకే. పని మొదలు ఏప్రిల్ 7, శ్రీరామనవమి మర్నాడు. డబ్బులు మార్చి 31 లోపు అసోసియేషన్ ఖాతాకి వేయాలి.

తేలనివి రెండు. మొదటి కొటేషన్‌లో "టాక్స్ అదనం" అని ఉంది, సవరించిన దాంట్లో ఆ మాటే లేదు. 18 శాతం జీఎస్టీ విడిగా వేస్తే ఒక్కో ఫ్లాట్ మీద ఇంకో 6,300 పడుతుంది, చిన్న తేడా కాదు. అడ్వాన్స్ ఇచ్చేలోపు సెక్రటరీ గారు కాంట్రాక్టర్ దగ్గర దీన్ని రాతలో తీసుకోవాలి. రెండోది 402 వారి సోలార్ ప్యానెళ్లు. విప్పి మళ్లీ బిగించే ఖర్చు అసోసియేషన్ పెట్టుకోవాలని వారు రాశారు, 201 సర్ వద్దన్నారు, తర్వాత ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. మౌనాన్ని అంగీకారం కింద నేను రాయలేదు. నా అభిప్రాయం అడిగితే ఆ ఖర్చు వారిదే, కానీ అది నా ఒక్కడి మాట.

302 వారు "ఓకే" అన్నది మార్చి 8న, పాత రేటుకి. తగ్గిందే కదా అని ఊహించి లెక్కలో కలపలేదు, దయచేసి ఒక్క మాట రాయండి. 101, 104 వారు కూడా.

పైవాటిలో ఏదైనా తప్పుంటే ఆదివారం సాయంత్రం లోపు చెప్పండి, సోమవారం ఇదే మినిట్స్ బుక్కులో ఎక్కుతుంది. రిప్లై ఇచ్చేటప్పుడు కింద ఉన్న పాత మెయిల్ అంతా డిలీట్ చేసి పంపండి బాబూ.

301, జాయింట్ సెక్రటరీ