సగటు ఒక్కటే ఎందుకు చాలదు: ఎక్స్‌పెక్టేషన్, వేరియెన్స్, కోవేరియెన్స్

ఆరు ముఖాల పాచికను వేస్తే సగటున ఎంత పడుతుంది? ఒక్కో ముఖానికి సంభావ్యత 1/6 కాబట్టి (1+2+3+4+5+6)/6 = 3.5. దీన్నే ఎక్స్‌పెక్టేషన్ అంటాం, E[X] అని రాస్తాం. ప్రతి విలువనూ దాని సంభావ్యతతో గుణించి, అన్నింటినీ కూడితే వచ్చేది ఇదే. పాచిక మీద 3.5 అనే ముఖమే లేదు. అంటే ఒక్కసారి వేస్తే ఏం పడుతుందో ఇది చెప్పదు, చాలాసార్లు వేస్తే సగటు ఎక్కడికి చేరుతుందో చెబుతుంది.

దీనికి ఒక గొప్ప గుణం ఉంది: E[X+Y] = E[X] + E[Y]. X, Y ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నా సరే, ఇది నిజమే.

ఇప్పుడు రెండు మెషీన్ లెర్నింగ్ మోడళ్లు చూద్దాం. మూడు పరీక్షల్లో మొదటిదాని తప్పు 4, 5, 6. రెండోదాని తప్పు 0, 5, 10. రెండింటి సగటూ 5 కాబట్టి, సగటు మాత్రమే చూస్తే రెండూ ఒకటే. కానీ రెండోదాన్ని నమ్ముకుంటే ఎప్పుడు ఎంత తప్పుతుందోనని టెన్షన్ తప్పదు. ఆ తేడాను కొలిచేదే వేరియెన్స్:

Var(X) = E[(X − E[X])²]

మొదటి మోడల్‌కు సగటు నుంచి దూరాలు −1, 0, 1. వాటి వర్గాల సగటు 2/3. రెండోదానికి −5, 0, 5 కాబట్టి 50/3, అంటే 25 రెట్లు. వర్గం చేయకపోతే ప్లస్సులూ మైనస్సులూ కొట్టేసుకుని ఎప్పుడూ సున్నాయే వస్తుంది. వర్గం వల్ల యూనిట్లు కూడా వర్గమవుతాయి, అందుకే వర్గమూలం తీసి స్టాండర్డ్ డీవియేషన్‌గా చెబుతాం.

కోవేరియెన్స్ రెండు రాశులు కలిసి ఎలా కదులుతాయో చూస్తుంది:

Cov(X, Y) = E[(X − E[X])(Y − E[Y])]

X విలువలు 1, 2, 3. వాటికి జతగా Y విలువలు 2, 4, 6 అనుకుందాం. సగటు నుంచి X దూరాలు −1, 0, 1; Y దూరాలు −2, 0, 2. లబ్ధాలు 2, 0, 2. వాటి సగటు 4/3, ధన సంఖ్య. ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతోందన్నమాట. Yని 6, 4, 2గా తిప్పేస్తే −4/3 వస్తుంది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. X విలువలు −1, 0, 1 సమాన సంభావ్యతతో వస్తున్నాయి, Y = X² అనుకోండి. లెక్కిస్తే కోవేరియెన్స్ సున్నా. కానీ X తెలిస్తే Y పూర్తిగా తెలిసిపోతుంది! కోవేరియెన్స్‌కు కనిపించేది సరళరేఖ లాంటి సంబంధం మాత్రమే. అది సున్నా అయినంత మాత్రాన రెండూ స్వతంత్రమని అనుకోవద్దు. మోడల్‌కు ఇచ్చే ఫీచర్లు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి తప్పకుండా గుర్తుండాలి.

మెషీన్ లెర్నింగ్‌లో ఈ మూడూ కలిసి పనిచేసే సూత్రం, నా దృష్టిలో, ఇది:

Var(X+Y) = Var(X) + Var(Y) + 2·Cov(X, Y)

రెండు మోడళ్ల అంచనాల సగటు తీసుకుంటున్నాం, ఒక్కోదాని వేరియెన్స్ 4 అనుకుందాం. సగటు కోసం 2తో భాగిస్తే వేరియెన్స్ 2², అంటే 4తో భాగమవుతుంది కాబట్టి, ఆ సగటుకు ఉండే వేరియెన్స్ (4 + 4 + 2·Cov)/4. కోవేరియెన్స్ సున్నా అయితే 2, అంటే సగానికి తగ్గింది. రెండూ ఒకే మోడల్ అయితే కోవేరియెన్స్ 4, ఫలితం కూడా 4. లాభం ఏమీ లేదు. ఒకేలా తప్పు చేసేవాళ్లు ఎంతమంది కలిసినా ఆ తప్పు తగ్గదు కదా.

చాలా డెసిషన్ ట్రీల అంచనాల సగటు తీసుకునే ర్యాండమ్ ఫారెస్ట్ వెనక ఉన్న ఆలోచన ఇదే. ఒక్కో చెట్టు వేరియెన్స్ σ², చెట్ల మధ్య కోరిలేషన్, అంటే −1 నుంచి 1 మధ్యకు కుదించిన కోవేరియెన్స్, ρ, చెట్ల సంఖ్య B అయితే వాటి సగటుకు ఉండే వేరియెన్స్ ρσ² + (1−ρ)σ²/B. σ² = 4, B = 100 తీసుకోండి. ρ = 0.5 అయితే 2.02 వస్తుంది; ρ = 0.1 అయితే 0.436. చెట్లను ఎంత పెంచినా మొదటి పదం కదలదు. అందుకే ప్రతి చీలిక దగ్గరా యాదృచ్ఛికంగా కొన్ని ఫీచర్లనే చూపించి, చెట్లు ఒకదాన్నొకటి పోలకుండా చేస్తారు.

శిక్షణలోనూ ఇదే లెక్క. మనం తగ్గించాలనుకునేది లాస్, అంటే మోడల్ తప్పు కొలత, ఎక్స్‌పెక్టేషన్‌ని. చేతిలో ఉన్నది కొంత డేటా మీది సగటు మాత్రమే. లాస్ ఎటు తగ్గుతుందో చెప్పే గ్రేడియెంట్‌ను యాదృచ్ఛికంగా తీసిన కొన్ని ఉదాహరణల మినీ బ్యాచ్‌తో లెక్కిస్తే, దాని ఎక్స్‌పెక్టేషన్ మొత్తం డేటా మీది గ్రేడియెంట్‌కు సమానం. ఉదాహరణలను స్వతంత్రంగా ఎంచితే దాని వేరియెన్స్ బ్యాచ్ సైజుకు విలోమంగా తగ్గుతుంది. బ్యాచ్‌ను 32 నుంచి 128కి పెంచితే వేరియెన్స్ నాలుగో వంతు అవుతుంది, స్టాండర్డ్ డీవియేషన్ మాత్రం సగమే. నాలుగు రెట్ల పనికి రెండు రెట్ల నిలకడ! డేటాను తక్కువ దిశల్లోకి కుదించే పీసీఏ అయితే నేరుగా కోవేరియెన్స్ మాట్రిక్స్ ఐగెన్ వెక్టర్లనే తీసుకుని, డేటా ఎక్కువగా పరుచుకున్న దిశలను పట్టుకుంటుంది.

కోడ్‌లో సరిచూసుకునేటప్పుడు ఒక జాగ్రత్త:

```python
import numpy as np
x, y = [1, 2, 3], [2, 4, 6]
print(np.var(x))           # 0.666...
print(np.cov(x, y)[0, 1])  # 2.0
```

పైన మనం 4/3 అనుకున్న చోట 2.0 వచ్చింది. `np.cov` మామూలుగా n−1తో భాగిస్తుంది, `np.var` nతో భాగిస్తుంది. రెండింటినీ ఒకే లెక్కలో వాడుతుంటే, n నుంచి ఎంత తీసేసి భాగించాలో చెప్పే `ddof` విలువను రెండుచోట్లా మీరే ఇవ్వండి.