ఫిబ్రవరి 28కి మన క్లబ్ రోబోలు

ఎనిమిది, తొమ్మిది తరగతుల జట్లకు,

జాతీయ సైన్సు దినోత్సవం నాడు మన బల్లల ముందు నిలబడేది మీ అమ్మానాన్నలు, చిన్న తరగతుల పిల్లలు. పక్కన నిలబడి వివరిస్తే తప్ప అర్థం కాని ప్రాజెక్టు వాళ్లకు అక్కర్లేదు. పది అడుగుల దూరం నుంచి చూసి 'అయింది', 'కాలేదు' అని వాళ్లే తేల్చగలగాలి. కింద చెప్పినవన్నీ ఈ లెక్కన ఎంచినవే. జట్టుకు 1,200 రూపాయలు ఇస్తాం. ఆర్డునో ఊనో బోర్డులు, ఎల్298ఎన్ మోటారు డ్రైవర్లు క్లబ్ బీరువాలో ఉన్నాయి, పుస్తకంలో రాసి తీసుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ముగ్గు బండి. పసుపు రంగు బీఓ మోటార్లు రెండు, ముందు ఎటైనా తిరిగే చిన్న చక్రం, ఒక మార్కర్ పెన్ను, దాన్ని ఎత్తి దించడానికి ఎస్‌జీ90 సర్వో. ముగ్గుపిండి ఆలోచన తర్వాత. ముందు నాలుగు చార్టులు అతికించి, వాటి మీద 40 సెంటీమీటర్ల భుజంతో చతురస్రం గీయించండి. బండి బయలుదేరిన చుక్కకే తిరిగి వస్తే గెలిచినట్టు, రాకపోతే మిగిలిన దూరమే మీ మార్కు. వినడానికి తేలికే. కానీ ఈ మోటార్లకు తామెంత తిరిగామో తెలియదు. మీరు సెకన్ల లెక్కన తిప్పుతారు, బ్యాటరీ కాస్త దిగగానే ఆ లెక్క తప్పుతుంది. ప్రతి మూలలోనూ 90 డిగ్రీలకు బదులు 95 తిరిగిందనుకోండి, నాలుగు భుజాలూ గీశాక చుక్కకు తొమ్మిది సెంటీమీటర్లకు పైగా దూరంలో ఆగుతుంది. కాగితం మీద గీసి చూడండి, నమ్మకం కుదురుతుంది. ఇంకో మాట: పెన్ను సరిగ్గా రెండు చక్రాల నడిమధ్యనే ఉండాలి. కాస్త ముందుకు జరిగినా మలుపు తిరిగినప్పుడల్లా మూలలో కొక్కెం గీస్తుంది. చతురస్రం కుదిరిన జట్టు నక్షత్రం మొదలుపెట్టవచ్చు.

రెండోది నీళ్ల బండి. నల్లటి ఇన్సులేషన్ టేపు గీత వెంట నడిచే రోబో ప్రతి క్లబ్‌లోనూ ఉంటుంది, చూసి చూసి విసుగొచ్చింది. అందుకే దాని నెత్తిన అంచుకు రెండు వేళ్ల కిందివరకు నీళ్లు పోసిన స్టీలు గ్లాసు పెడదాం. వరండా చివరికి చేరాక ఎన్ని మిల్లీలీటర్లు మిగిలాయో కొలజాడీతో అందరి ముందూ కొలుద్దాం. అప్పుడు వేగం గొప్ప కాదు, మలుపులో కుదుపు లేకపోవడమే గొప్ప. ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లను సాయంత్రం సరిచేసి ఇంటికి వెళ్లిపోకండి. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. ప్రదర్శన పొద్దున పదకొండింటికి, ఆ వేళ వరండాలో ఎండ పడుతుంది. సెన్సార్ల చుట్టూ నల్ల అట్టముక్కతో పావడా కట్టండి.

కుస్తీ కావాలన్నవారికి మినీ సుమో. బండి కొలత 10 × 10 సెంటీమీటర్లు, బరువు 500 గ్రాములు దాటకూడదు. బరి 77 సెంటీమీటర్ల వ్యాసమున్న నల్ల గుండ్రం, అంచున తెల్లపట్టీ. ఎదుటివాడిని వెతకడానికి అల్ట్రాసోనిక్ సెన్సార్ చాలు. ఇందులో అందరూ పడే గుంట ఒకటుంది:

```
long t = pulseIn(ECHO, HIGH, 30000);
float cm = t / 58.0;
if (t > 0 && cm < 40) attack();
```

ప్రతిధ్వని వినపడకపోతే `pulseIn` సున్నా ఇస్తుంది. `t > 0` అని అడగకపోతే, ఎదుట ఎవరూ లేనప్పుడు శత్రువు ముక్కుకు ఆనుకుని ఉన్నాడనుకుని మీ బండి తనంతట తానే బరి దాటి దూకుతుంది. నవ్వులు బాగానే వస్తాయి, మార్కులు రావు.

కోడింగ్ ఇప్పుడే నేర్చుకుంటున్నవారు దీపం వెంట పడే తాబేలు చేయండి. 1940ల చివర్లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ ఇలాంటివే చేసి ఎల్మర్, ఎల్సీ అని పేర్లు పెట్టాడు. వాటి మెదడు రెండే రెండు వాక్యూమ్ ట్యూబులు! మనకు రెండు ఎల్‌డీఆర్‌లు చాలు. ఎడమ కన్నుకు వెలుగు ఎక్కువ తగిలితే కుడి మోటారును వేగంగా తిప్పండి, బండి దీపం వైపు మళ్లుతుంది. చీకటి గదిలో టార్చి పట్టుకుని మూడో తరగతి పిల్ల దాన్ని వెంట తిప్పుకోగలిగితే ప్రాజెక్టు అయినట్టే.

మనిషి ఆకారపు రోబో, డ్రోన్, మాట్లాడే రోబో అడగకండి. ఇప్పటికే రెండు జట్లు అడిగాయి.

బ్యాటరీ సంగతి అందరికీ. నిరుడు మూడు బండ్లు ఆగిపోవడానికి కారణం చదరపు 9 వోల్టుల బ్యాటరీ. మోటార్లు లాగేంత కరెంటు అది ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, పిల్లలేమో కోడులో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. 18650 లిథియం సెల్స్ రెండు వరుసలో కలిపితే 7.4 వోల్టులు వస్తాయి. ఎల్298ఎన్ అందులో రెండు వోల్టుల దాకా మింగినా మోటార్లకు సరిపడా మిగులుతుంది. ఛార్జింగ్ మాత్రం ల్యాబులో, నేనో ల్యాబ్ అసిస్టెంటో ఉన్నప్పుడే. బోర్డు, డ్రైవర్ల గ్రౌండ్ తీగలు కలిపారో లేదో చూసుకున్నాకే నా దగ్గరకు రండి.

జట్టుకు నలుగురు. ఏది ఎంచుకున్నారో, ఏమి జరిగితే 'అయింది' అంటారో ఒకే వాక్యంలో రాసి శనివారం ఆఖరి పీరియడ్‌లోగా ఇవ్వండి. వాక్యంలో 'మరియు' వస్తే వెనక్కి పంపిస్తాను.