పోచంపల్లి చీర వీడియో: ఐదు స్టిల్స్‌కు మోషన్ ప్రాంప్ట్‌లు

అన్నా, ఒక్కో స్టిల్ కింద దాని ప్రాంప్ట్ ఉంది, ఫొటోను వీడియోగా మార్చే AI టూల్‌లో ఉన్నదున్నట్టు పేస్ట్ చెయ్. అన్నీ 5 సెకన్లవే. రంగులు, ముఖాలు, వెలుతురు ఫొటోల్లోనే ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఒక్క మాట కూడా రాయలేదు. నువ్వూ కలపకు. చీర రంగు పేరు రాస్తే ఆ టూల్ కొత్త చీర నేసి పెడుతుంది.

స్టిల్ 1, ఆసు పోయడం
కుడిచేయి దారాన్ని నడిమి మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల దాకా తీసుకెళ్లి, ఒక మేకు చుట్టూ తిప్పి, మళ్లీ నడిమికి తెస్తుంది. వెంటనే పక్క మేకుకు వెళుతుంది. కదలిక భుజం నుంచి మొదలవుతుంది, వేగం మారదు. దారం మొదటి నుంచి చివరి దాకా బిగువుగా ఉంటుంది. చూపు చేతిని అనుసరిస్తుంది. మేకులు కదలవు. కెమెరా స్థిరం.

స్టిల్ 2, అద్దకం
రెండు చేతులు నూలు కట్టను రంగునీళ్లలో ముంచి, ఒకసారి పిసికి, పైకెత్తుతాయి. నీళ్లు మొదట ధారగా, తర్వాత చుక్కలుగా కారతాయి. నీటి మీద అలలు తొట్టి అంచు దాకా వెళతాయి. కట్టిన ముడులు విడిపోవు. కెమెరా నెమ్మదిగా కొంచెం కిందికి దిగుతుంది.

స్టిల్ 3, గుంట మగ్గం
(నాలుగైదు సార్లు జనరేట్ చేయాల్సి రావచ్చు. వరస తప్పితే నేత తెలిసినవాళ్లు నవ్వుతారు.)
ముందు కాలు ఒక పలకను తొక్కుతుంది, పడుగు పైపొర, కిందిపొరగా విడిపోతుంది. కుడిచేయి తాడు లాగగానే నాడె ఆ సందులోంచి ఎడమ నుంచి కుడికి ఒక్కసారి దూసుకెళుతుంది. ఎడమచేయి పన్నెను తన వైపు లాగి పేకను ఒకసారి కొడుతుంది. ఆ తర్వాత చేతులు ఆగుతాయి. వేళ్లు కొత్త పేకను వెంట్రుకవాసి పక్కకు జరిపి డిజైన్‌కు సరిచేస్తాయి. డిజైన్ దారాలకే అంటుకుని ఉంటుంది, గుడ్డ మీద జారదు. కెమెరా స్థిరం.

స్టిల్ 4, ఆరేసిన నూలు
ఎడమ వైపు నుంచి గాలి ఒకసారి వీస్తుంది. కట్టలు ఒకదాని తర్వాత ఒకటి ఊగి, నెమ్మదిస్తాయి. కెమెరా వాటి వెంట కుడికి జరుగుతుంది.

స్టిల్ 5, కొట్టు కౌంటర్
మడత చీరను రెండు చేతులు ఒక్క విసురుతో పరుస్తాయి. కొంగు గాల్లో లేచి కౌంటర్ మీద పడుతుంది, అంచు చివరగా వాలుతుంది. ఎదుటి ఆమె ముందుకు వంగి వేళ్లతో గుడ్డను తడుముతుంది. కెమెరా నెమ్మదిగా దగ్గరికి వెళుతుంది.

3లో నాడె రెండుసార్లు కనిపిస్తే ఆ క్లిప్ వద్దు. 5లో విసురు సగంలో తెగినా పర్లేదు, కటింగ్‌లో సర్దుకుంటాను.