కిడ్నీ పాఠం, స్లైడ్ 9 నుంచి 14 దాకా మన మాటల్లో

చెల్లీ, నువ్వు పంపిన స్లైడ్లు రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. ఇంగ్లిష్ పేర్లు అలాగే ఉంచాను, పరీక్షలో అవే రాయాలి కదా. వాటి చుట్టూ ఉన్న బరువైన వాక్యాలనే విప్పాను. నేనూ తెలుగు మీడియం నుంచే వచ్చాను, మొదటి ఏడాది ఈ పాఠం దగ్గరే ఏడ్చాను. స్లైడ్ పక్కన పెట్టుకుని చదువు.

స్లైడ్ 9: నెఫ్రాన్ అంటే మూత్రం తయారయ్యే సన్నని గొట్టం. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలు ఉంటాయి. గొట్టం మొదట్లో సన్నని రక్తనాళాల ఉండ ఉంటుంది, అదే గ్లోమెరులస్. దాని చుట్టూ గిన్నెలా ఉండేది బౌమన్స్ క్యాప్సూల్.

స్లైడ్ 10: అల్ట్రాఫిల్ట్రేషన్ అంటే ఒత్తిడితో జరిగే వడపోత. రక్తం లోపలికి తెచ్చే అఫరెంట్ నాళం వెడల్పు, బయటికి తీసుకెళ్లే ఎఫరెంట్ నాళం ఇరుకు, అందుకే ఆ ఉండలో ఒత్తిడి ఎక్కువ. నీళ్లు, ఉప్పులు, గ్లూకోజ్, యూరియా గిన్నెలోకి దిగిపోతాయి. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు రక్తంలోనే ఉండిపోతాయి. యూరిన్ రిపోర్టులో అల్బుమిన్ అనే ప్రొటీన్ వస్తే డాక్టర్లు కిడ్నీ గురించి ఎందుకు ఆలోచిస్తారో ఇప్పుడు తెలిసిందా?

స్లైడ్ 11: జీఎఫ్ఆర్ అంటే రెండు కిడ్నీలూ కలిపి నిమిషానికి ఎంత వడపోస్తాయన్న లెక్క. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో సుమారు 125 మి.లీ., అంటే రోజుకు 180 లీటర్లు! మనకు వచ్చే మూత్రం మాత్రం లీటరున్నర. మిగతాదంతా ఏమైందన్నదే తర్వాతి స్లైడ్.

స్లైడ్ 12: దీన్ని రెండుసార్లు చదువు, పాఠమంతా ఇక్కడే ఉంది. పండక్కి బీరువా సర్దేటప్పుడు అమ్మ ఏం చేస్తుంది? ముందు అన్నీ బయట పడేసి, పనికొచ్చేవి మళ్లీ లోపల పెట్టి, చెత్త వదిలేస్తుంది. కిడ్నీ కూడా అంతే. పనికొచ్చేవి తిరిగి రక్తంలోకి తీసుకోవడమే రీఅబ్జార్ప్షన్. పీసీటీ అనే మొదటి వంకర గొట్టంలోనే దాదాపు మూడింట రెండు వంతుల నీళ్లు, సోడియం వెనక్కి వెళ్తాయి, గ్లూకోజ్ అయితే దాదాపు మొత్తం. కానీ గ్లూకోజ్‌ను మోసే ప్రొటీన్లు కొన్నే ఉంటాయి. రక్తంలో షుగర్ సుమారు 180 మి.గ్రా. దాటితే, నిండిన బస్సులో సీటు దొరకనట్టు, కొంత గ్లూకోజ్ మూత్రంలోకి పోతుంది.

స్లైడ్ 13: హెన్లే లూప్ అంటే పీసీటీ తర్వాత కిందికి దిగి, మలుపు తిరిగి, మళ్లీ పైకి ఎక్కే గొట్టం. కిందికి దిగే భాగంలో నీళ్లు బయటికి వెళ్తాయి, పైకి ఎక్కే భాగంలో ఉప్పులు వెళ్తాయి కానీ నీళ్లు వెళ్లవు. బొమ్మ గీసి బాణాలు పెట్టు, బట్టీ అక్కర్లేదు.

స్లైడ్ 14: ఒంట్లో నీళ్లు తగ్గితే పిట్యూటరీ నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ వస్తుంది. అది చివరి గొట్టాల్లో నీళ్లు వెనక్కి వెళ్లేలా దారి తెరుస్తుంది. ఎండలో తిరిగొచ్చిన రోజు మూత్రం తక్కువగా, ముదురు పసుపుగా రావడం ఇందుకే.

స్లైడ్ 15 నుంచి ఆసిడ్-బేస్ ఉంది, అది ఆదివారం రాసి పంపుతాను. ఈలోగా 12లో ఎక్కడ ఆగినా ఫోన్ చెయ్యి.