బుర్రకథ అయ్యేదాకా ఉండండి: మన బడి వార్షికోత్సవానికి స్వాగతం

సభకు నమస్కారం.

వేదిక మీద ఉన్న మండల విద్యాశాఖాధికారి గారికి, సర్పంచ్ గారికి, విద్యా కమిటీ చైర్‌పర్సన్ గారికి, మన బడిలోనే చదువుకుని ఈ రోజు ముఖ్య అతిథిగా వచ్చిన డాక్టరు గారికి, నా తోటి ఉపాధ్యాయులకు వందనాలు. చేలో పని, చెరువు దగ్గర పని, కొబ్బరి వలుపు వదులుకుని పెందలాడే వచ్చిన తల్లిదండ్రులకు, మనవల చేతులు పట్టుకుని వచ్చిన తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తరఫున స్వాగతం. ఇక మధ్యాహ్నం నుంచే ముఖాలకు రంగులు వేయించుకుని, చెమటకు ఆ రంగు ఎక్కడ కారిపోతుందోనని ఫ్యాను కింద నుంచి కదలకుండా కూర్చున్న మన పిల్లలకు ప్రత్యేకంగా స్వాగతం. ఏం పిల్లలూ, వెనకాల వినపడుతోందా? ... ఆయ్ అంటున్నారు కాబట్టి మైకు బాగానే ఉన్నట్టు.

ఈ సభలో కనిపించకుండా కూర్చున్న వాళ్ళు కొందరున్నారు. కువైట్‌లో, మస్కట్‌లో పని చేస్తూ వీడియో కాల్‌లో మనల్ని చూస్తున్న అమ్మలు, నాన్నలు. ఇక్కడ సాయంత్రం ఆరైతే కువైట్‌లో మధ్యాహ్నం మూడున్నర. పని మధ్యలో ఫోను ఎక్కడో ఆనించి పెట్టుకుని చూసేవాళ్ళున్నారని నాకు తెలుసు. ఏడో తరగతి అమ్మాయి ఒకర్తి నిన్న నా గదికొచ్చి, "మేడమ్, మా డ్యాన్సు కరెక్టుగా ఎన్నింటికి వస్తుంది? మా అమ్మ అప్పుడే బాత్రూమ్‌లోకి వెళ్ళి చూస్తానంది" అని అడిగింది. ఆ పిల్ల కోసమే ఈసారి కార్యక్రమాల పట్టికలో ప్రతి ఐటెంకీ టైము వేయించాను. అటూ ఇటూ పది నిమిషాలు తప్పించి ఆ టైము మారదు. అమ్మా, ఎక్కడున్నా సరే, మీకు కూడా స్వాగతం. మీ పిల్లలు బాగున్నారు. మీ అమ్మగారు పెడుతున్న అన్నం తిని, కాస్త పొడవు కూడా పెరిగారు.

అలాంటి వాళ్ళ కోసం ఒక మాట. వీడియో తీయడానికి అందరూ లేచి స్టేజీ ముందుకు వస్తే, వెనక కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్ళకి మీ వీపులు తప్ప ఏమీ కనపడవు. పదో తరగతి కుర్రాళ్ళిద్దరు అటు పక్కన స్టాండు వేసి మొత్తం రికార్డు చేస్తున్నారు. రేపు పొద్దున్నకల్లా ఆ వీడియోలు తరగతుల వారీ వాట్సాప్ గ్రూపుల్లో ఉంటాయి. కాబట్టి లైవ్‌లో చూపించాల్సిన వాళ్ళు మాత్రం ఎడమ పక్క తాడు దగ్గర నిలబడండి. మిగతావాళ్ళు ఫోను జేబులో పెట్టుకుని, పిల్లల్ని కళ్ళతో చూడండి.

షామియానా, కుర్చీల ఖర్చు పూర్వ విద్యార్థులు పెట్టుకున్నారు. కరెంటు పోతుందేమోనని జనరేటరు కూడా తెప్పించారు. వాళ్ళ పేర్లు చదవొద్దని వాళ్ళే చెప్పారు, అందుకని చదవడం లేదు. గేటు దగ్గర ముగ్గు పొద్దున్న ఆరింటికే ఆయమ్మ వేసింది. అది తొక్కకుండా పక్కనుంచి వచ్చిన వాళ్ళందరికీ ఆవిడ తరఫున కూడా థాంక్స్.

మా ఉపాధ్యాయుల గురించి రెండు ముక్కలు చెప్పాలి. వేదిక మీదకి రమ్మంటే ఎవరూ రారు, తెర వెనకే ఉంటారు. డ్రిల్లు మాష్టారు నెల రోజులుగా సాయంత్రం కోలాటం నేర్పిస్తున్నారు. సైన్సు టీచరు గారు పిల్లల జడలు వేయడానికి ఇంటి నుంచి సవరాలు, జడగంటలు తెచ్చారు. లెక్కల మాష్టారిని మాత్రం నేను విడిగా మెచ్చుకోవాలి. బుర్రకథ రిహార్సలు ఆయన క్లాసు పక్క గదిలోనే జరిగింది. ఆయన బోర్డు మీద త్రికోణమితి చెబుతుంటే, ఇవతల నుంచి "తందాన తాన" అని గుమ్మెటలు మోగేవి. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు ఆయన వచ్చి తలుపు కొట్టారు. తిడతారేమో అనుకున్నారు పిల్లలు. "చివర్లో తాళం తప్పుతోందర్రా" అని చెప్పి వెళ్ళారట.

ఆ బుర్రకథ గురించే అసలు నేను చెప్పదలుచుకున్నది.

మీ పిల్లలు మధ్యాహ్నం తినే భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు కదా. ఆవిడ ఎక్కడివారో కాదు, మన కోనసీమ వారే. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి లంకల గన్నవరం వచ్చారు. గోదావరి దాటి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు ఏ వేళప్పుడు తలుపు తట్టినా, కులం ఏమిటని అడక్కుండా విస్తరి వేసి అన్నం పెట్టారు. 1909లో కన్నుమూసేదాకా అదే పని. ఈ సంగతి మా తొమ్మిదో తరగతి పిల్లలకి తెలుగు మాష్టారు చెప్పినప్పుడు ఒకబ్బాయి, "అంతమందికి అన్నం వండాలంటే పొయ్యి ఎప్పుడు ఆర్పేవారండీ?" అని అడిగాడట. ఆ ప్రశ్న దగ్గరే మొదలైంది ఈ బుర్రకథ. పిల్లలు లంకల గన్నవరం వెళ్ళారు, పెద్దవాళ్ళని అడిగి రాసుకొచ్చారు. మాష్టారు దాన్ని పాటలో కూర్చారు. మన బడి వంట చేసే అక్కల్ని కూడా కూర్చోబెట్టి, ఇంతమందికి బియ్యం ఎన్ని పడతాయి, పప్పు ఎప్పుడు వేయాలి, గంజి ఎలా వారుస్తారు అని అడిగారు. ఆ జవాబులన్నీ కథలో వస్తాయి. అక్కలూ, మీరు అదిగో ఆ కుడి పక్క ముందు వరుసలో కూర్చోండి. ఈ రోజు గరిట పట్టుకోవాల్సిన పని లేదు.

బుర్రకథ అనగానే షేక్ నాజర్ గారు గుర్తొస్తారు మా తరం వాళ్ళకి. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చి, ఊరూరా జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టిన మనిషి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పుడు ఊళ్ళల్లో బుర్రకథ కరువైపోయింది. మన పిల్లల్లో చాలామంది గుమ్మెటని దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. అవి కూడా మనవి కావు. పక్క ఊళ్ళో ఒక పెద్దాయన, ఒకప్పుడు వంతగా తిరిగినాయన, అటక మీద నుంచి దించి, దుమ్ము తుడిచి ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు. మూడు ఆదివారాలు ఇక్కడికొచ్చి వేళ్ళు ఎలా పడాలో చూపించారు. ఈ రోజు ఆయన సభలో ఉన్నారు. బాబాయి గారూ, నమస్కారం.

కథకురాలు ఒకమ్మాయి. తంబురా భుజాన వేసుకుని, బొటనవేలికి అందెలు తొడుక్కుని వస్తుంది. మీరు గుర్తుపట్టలేరు. హాస్యవంత వేసే కుర్రాడైతే, హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనడానికి కూడా గొంతు పెగలని పిల్లాడు. వాడు రిహార్సల్లో నా మీదే ఒక జోకు వేశాడు. తీయించనా వద్దా అని మాష్టారు అడిగితే ఉంచమన్నాను. మీరే వినండి.

ఇప్పుడు నా విన్నపం. ఏటా జరిగేదే, మీకూ తెలుసు. మన పిల్లాడి డ్యాన్సు అవగానే వాణ్ణి చంకనేసుకుని ఇంటికి బయల్దేరతాం. తొమ్మిదయ్యేసరికి సగం కుర్చీలు ఖాళీ. షామియానా కుర్రాళ్ళు వెనక నుంచి కుర్చీలు మడిచి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే, ఆ చప్పుడు మధ్య ఆఖరి ఐటెం పిల్లలు డైలాగులు చెప్పుకుంటారు. పోయినేడు నాటకం వేసిన పిల్లలు అలాగే వేశారు. వాళ్ళూ మన పిల్లలే కదండీ. ఈసారి బుర్రకథ ఆఖరున ఉంది. దయచేసి అది అయ్యేదాకా ఉండండి. కుర్చీ ఒక్కటి కూడా ముందుగా మడవొద్దని షామియానా వాళ్ళకి చెప్పేశాం.

లంక నుంచి వచ్చిన వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. చివరి పడవ పోతే ఎలాగ అని. పడవ నడిపే పెద్దాయన మనవరాలు కూడా ఈ రోజు స్టేజీ ఎక్కుతోంది, ఆయన రెండో వరుసలోనే ఉన్నారు. ఆయన ఇక్కడుండగా పడవ ఎక్కడికి పోతుంది! బుర్రకథ అయ్యాకే రేవుకి వెళ్తారు. అందరూ ఒకేసారి ఎక్కేయకండి, రెండు మూడు ట్రిప్పులు వేస్తానన్నారు. లైఫ్ జాకెట్లు రేవులోనే ఉంటాయి, పిల్లలకి తప్పకుండా వేయండి. మా టీచర్లు ఇద్దరు చివరి ట్రిప్పు వెళ్ళేదాకా అక్కడే ఉంటారు.

పులిహోర, దద్ధోజనం బుర్రకథ అయ్యాక పెడదామని కమిటీలో ఒకరు సలహా ఇచ్చారు, అప్పుడైతే ఎవరూ కదలరని. ఐడియా బాగానే ఉంది గానీ, సీతమ్మ గారి కథ చెప్పించుకుంటూ జనాన్ని ఆకలితో కూర్చోబెట్టడం ఏం బాగుంటుంది? అందుకని ఎనిమిదింటికే మొదలుపెడుతున్నాం. చిన్నపిల్లలకి, పెద్దవాళ్ళకి ముందు. తిని మళ్ళీ వచ్చి కూర్చోండి, అంతే.

పదో తరగతి పిల్లలూ, మీతో ఒక్క మాట. వచ్చే నెల పరీక్షలు, ఆ సంగతి ఈ రాత్రికి వదిలేయండి. రేపు ఆదివారం పడుకోండి. సోమవారం తొమ్మిదింటికి స్పెషల్ క్లాసు ఉంది, అది మాత్రం వదలను. తల్లిదండ్రులకి కూడా అదే మాట. "పరీక్షలు పెట్టుకుని డ్యాన్సులేంటి" అని ఇంటికెళ్ళాక అనకండి. ఈ నెల రోజుల్లో ఒక్క పిల్ల కూడా రిహార్సల్ సాకుతో క్లాసు ఎగ్గొట్టలేదు. కావాలంటే హాజరు పట్టీ చూపిస్తాను.

అతిథులకి కూడా మనవి చేసుకున్నాను, తలా ఐదు నిమిషాలే అని. పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. అలా చెప్పిన నేనే ఇంకా మైకు పట్టుకుని నిలబడితే బాగోదు. యాంకరింగ్ చేసే అమ్మాయిలిద్దరూ ఇందాకటి నుంచి పక్కనే నిలబడి గడియారం చూపిస్తున్నారు.

విద్యాశాఖాధికారి గారిని, సర్పంచ్ గారిని, డాక్టరు గారిని, చైర్‌పర్సన్ గారిని జ్యోతి వెలిగించడానికి సవినయంగా ఆహ్వానిస్తున్నాను. డ్రిల్లు మాష్టారూ, గాలి ఇటు నుంచి వస్తోంది, కాస్త అడ్డం నిలబడండి. ఆరో తరగతి పిల్లలు ప్రార్థనకి రెడీగా ఉండండి.

అందరికీ మరోసారి స్వాగతం. నమస్కారం.